ఇటుక గోడకి రైలు మీద వంటింటి బాక్సులు: నాలుగింటిని ఒకే మట్టానికి తెచ్చిన లెక్క

గుంటూరులో పాత ఇల్లు. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ, దాని మీద ప్లాస్టరింగ్, పుట్టీ. వంటగట్టు పైన రెండు అడుగుల ఎత్తు టైలు, ఆ పైన అటక. టైలుకీ అటకకీ మధ్య నాలుగు బాక్సులు వేలాడాలి. మూల నుంచి కిటికీ వైపుకి వరసగా 600, 600, 900, 450 మి.మీ. వెడల్పులు. ఎత్తు 680, లోతు 320. గోడ పొడవు 2610. మూలలో 50 మి.మీ. పూరక పట్టీ పెడితే బాక్సులన్నీ కలిపి 2550, అంటే 2600 దగ్గర ఆగుతాయి.

బాక్సు వెనక పలకలోంచి నేరుగా గోడకి స్క్రూలు బిగించడం మన దగ్గర పాత పద్ధతి. ఆరు మి.మీ. ప్లై మీదే బరువంతా పడుతుంది, ఒకసారి బిగించాక సర్దే వీలుండదు. అందుకే స్టీలు రైలు, ప్రతి బాక్సుకీ రెండు హ్యాంగర్ బ్రాకెట్లు ఎంచుకున్నాం. బ్రాకెట్ బాక్సు లోపల పై మూలలో పక్క పలకకి బిగుస్తుంది. దాని కొక్కెం వెనక పలకలోని కన్నం గుండా బయటికి వచ్చి రైలు అంచుని పట్టుకుంటుంది. ముందువైపు రెండు స్క్రూ తలలు కనిపిస్తాయి. ఒకటి బాక్సుని పైకీ కిందకీ జరుపుతుంది, రెండోది గోడవైపు లాగుతుంది. ఏది దేనికో బాక్సు ఎక్కించకముందే తిప్పి చూసుకోవాలి.

దశ 1: బరువు లెక్క

18 మి.మీ. ప్లైతో చేసిన 600 బాక్సు తలుపుతో సహా సుమారు 21 కిలోలు, 900 బాక్సు 29, 450 బాక్సు 17. నాలుగూ కలిపి 88. లోపల పెట్టే పప్పుల డబ్బాలు, స్టీలు గిన్నెలకి మీటరుకి 65 కిలోలు వేసుకున్నాం, అది 166. మొత్తం 254 కిలోలు.

కిందకి లాగే బరువు ఇది. స్క్రూని గోడలోంచి బయటికి పెరికే బలం వేరే. బాక్సు బరువు గోడ నుంచి సుమారు 165 మి.మీ. ముందుకి ఉంటుంది. రైలుకీ బాక్సు అడుగుకీ మధ్య 640 మి.మీ. ఉంది. అడుగు గోడకి ఆని ఉన్నంతవరకు పెరికే బలం 254 × 165 ÷ 640, అంటే 65 కిలోలు. అసలు బరువులో నాలుగో వంతే. దీన్నిబట్టి రెండు సంగతులు. అడుగు గోడకి గట్టిగా ఆనాలి, గాలిలో ఉండకూడదు. రైలు స్క్రూలు సమాన దూరాల్లో కాకుండా, బరువు దిగే చోట, అంటే ప్రతి బ్రాకెట్ పక్కనే ఒకటి ఉండాలి.

ఇప్పటికి: 4 బాక్సులు, 8 బ్రాకెట్లు, 254 కిలోలు.

దశ 2: మట్టం రేఖ

వంటగట్టుని నమ్ముకుని కొలవకూడదు. ఈ గట్టు మూల నుంచి కిటికీకి 9 మి.మీ. దిగింది. మేస్త్రీలు వాడే నీళ్ళ పైపుతో నేల నుంచి 1200 ఎత్తులో రెండు కొసలా గుర్తు పెట్టి, సుద్ద దారం కొట్టాం. పైపులో గాలి బుడగ ఉంటే గుర్తు తప్పుతుంది. రెండు కొసలూ ఒకచోట పట్టుకుని నీళ్ళు సమంగా ఉన్నాయో లేదో ముందు చూసుకుంటే ఆ బాధ ఉండదు.

ఆ రేఖ నుంచి పైకి కొలతలు:

1. టైలు పై అంచు: మూలలో 222, మధ్యలో 224, కిటికీ దగ్గర 219.
2. అటక అడుగు, అన్నిటికంటే దిగిన చోట: 930.
3. బాక్సు అడుగు: టైలులో ఎత్తైన చోటు కన్నా 3 ఎక్కువ, అంటే 227.
4. బాక్సు పైభాగం: 227 + 680 = 907.
5. అటక కింద మిగిలే సందు: 930 − 907 = 23.

ఆ 23 ఎందుకంటే, కొక్కెం రైలు అంచు దాటాలంటే బాక్సుని 12 మి.మీ. పైకెత్తాలి. ఈ సందు చూసుకోకుండా రైలు కొడితే బాక్సు ఎక్కదు.

బాక్సుని టైలు మీదికి దించాలని అనిపిస్తుంది, అంచు కనపడకుండా పోతుందని. ఇక్కడ టైలూ దాని కింది మాలూ కలిపి ప్లాస్టరింగ్ కన్నా 12 మి.మీ. ముందుకి ఉన్నాయి. బాక్సు అడుగు టైలుకి ఆనితే ఆ మేరకు పైభాగం గోడవైపు వాలిపోతుంది. నిలువు చేయాలంటే పైభాగాన్ని కూడా 12 మి.మీ. ముందుకి తేవాలి, కిటికీ వైపు కొసలో ఆ సందంతా కనపడుతుంది. అందుకే టైలు పైనే ఆపాం. మిగిలిన 3 నుంచి 8 మి.మీ. సందులో సిలికాన్ పట్టించవచ్చు.

దశ 3: వెనక పలకతో వచ్చిన చిక్కు

మొదటి బాక్సు వెనక ప్లై పక్క పలకల అంచుకి సమంగా, మేకులతో కొట్టి వచ్చింది. వడ్రంగులు ఎప్పుడూ చేసేది అదే. కానీ అలాంటి బాక్సు రైలు మందాన గోడకి దూరంగా నిలబడుతుంది, అడుగు గాలిలో వేలాడుతుంది. మిగతా మూడింటికీ వెనక పలకని పక్క పలకల్లో గాడి తీసి 18 మి.మీ. లోపలికి పెట్టించాం. మొదటిదాన్ని కూడా విప్పి అలాగే మార్చాం.

వెనక పలక లోపలికి జరిగితే ఇంకో అడ్డు వస్తుంది. రైలు నాలుగు బాక్సులకీ కలిపి ఒకటే పోవాలంటే మధ్యలో వచ్చే పక్క పలకలు దారికి అడ్డం. పై వెనక మూలలో, బాక్సుని పైకెత్తినా రైలుకి తగలనంత ఎత్తు, 12 మి.మీ. లోతు గాటు తీశాం. కిటికీ వైపు చివరి పలకకి గాటు లేదు, బయటికి కనపడుతుంది కాబట్టి. అక్కడ రైలే 25 మి.మీ. ముందు ఆగుతుంది.

ఒక్కో బాక్సుకి ఒక్కో రైలు ముక్క కొడితే గాటు అక్కర్లేదు కదా అంటారు. నిజమే, కానీ నాలుగు ముక్కల్ని ఒకే గీత మీద పెట్టడం ఒక్క రైలు పెట్టడం కన్నా కష్టం.

దశ 4: రైలు ఎత్తు, అతుకు ఎక్కడ

బ్రాకెట్ ఎత్తు స్క్రూని దాని కదలికకి సరిగ్గా మధ్యలో ఉంచి, బాక్సు పైభాగం నుంచి కొక్కెం ఆనే అంచు వరకు కొలిచాం: 42 మి.మీ. కాబట్టి రైలు పై అంచు 907 − 42 = 865. మా బ్రాకెట్ మొత్తం కదలిక 14. మధ్యలో ఉంచితే పైకి 7, కిందకి 7 చేతిలో ఉంటాయి. ఈ కొలత ప్రతి కంపెనీ బ్రాకెట్‌కీ మారుతుంది. పెట్టె మీది బొమ్మ చూడొద్దు, చేత్తో కొలవండి.

రైలు రెండు మీటర్ల పొడవుల్లో దొరుకుతుంది. మనకి కావలసింది మూల నుంచి 60 దగ్గర మొదలై 2575 దగ్గర ఆగేది. పూర్తి రెండు మీటర్లు వాడితే అతుకు 2060 దగ్గర పడుతుంది. 900 బాక్సు కుడి బ్రాకెట్ 2100 దగ్గర, అంటే అతుకుకి నలభై మి.మీ. దూరంలో. అక్కడ రైలు కొస వంగే ప్రమాదం ఉంది. అందుకే 1640, 875 పొడవుల రెండు ముక్కలు కోశాం. అతుకు 1700 దగ్గర, 900 బాక్సు మధ్యలోకి వచ్చింది. అతుకుకి ఇటు 40, అటు 40 మి.మీ.లో ఒక్కో స్క్రూ.

ఇప్పటికి: రైలు పొడవులు 2, బ్రాకెట్ల దగ్గర స్క్రూలు 8, మధ్యలో 5, అతుకు దగ్గర 2. మొత్తం 15 కన్నాలు.

దశ 5: గోడ వంకర కొలవడం

ఈ పని వదిలేస్తే చివర్లో తలుపులన్నీ విల్లులా వంగి కనపడతాయి. రైలుని పల్లపు గోడకి గట్టిగా బిగిస్తే అది గోడతోపాటు వంగుతుంది, కొక్కేలు దాని వెంట పోతాయి.

రైలు ఎత్తులో ఒక దారం, బాక్సు అడుగు ఎత్తులో ఇంకో దారం లాగాం. రెండూ ఒకే నిలువులో ఉండేలా తూకం గుండు వేలాడదీసి సరిచూశాం. తర్వాత దారం నుంచి గోడకి ఉన్న దూరాన్ని బాక్సులు కలిసే చోట్లా రెండు కొసల్లోనూ కొలిచాం.

- మూల దగ్గర: పైన 25, కింద 24
- 650 దగ్గర: పైన 27, కింద 25
- 1250 దగ్గర: పైన 30, కింద 27
- 2150 దగ్గర: పైన 26, కింద 22
- కిటికీ కొస: పైన 25, కింద 24

అన్నిటికంటే చిన్న అంకె 22. గోడ ఎక్కువగా ఉబ్బింది అక్కడే. బాక్సుల వెనక అంచులన్నీ ఆ 22 గీతకి రావాలి. మిగతా చోట్ల తేడా ఎంతో అంత మందం పెట్టాలి. అంటే రైలు వెనక వరసగా 3, 5, 8, 4, 3 మి.మీ. అడుగున 2, 3, 5, 0, 2.

రైలు వెనక పెట్టడానికి ఒక మి.మీ. సన్‌మైకా ముక్కలు చాలా అనువు, వడ్రంగి దగ్గర చెత్తలో దొరుకుతాయి. 8 మి.మీ. చోట ఆరు మి.మీ. ప్లై, రెండు సన్‌మైకా ముక్కలు. ఒక్కో ముక్కకి కన్నం పెట్టి స్క్రూ దాని మధ్యగా పోయేలా చేయాలి. పక్కన దూరిస్తే కొన్నాళ్ళకి జారిపోతాయి. రెండు కొలతల మధ్యలో పడే స్క్రూలకి బద్ద ఆనించి రైలు నిటారుగా ఉండేంత మందం పెట్టాం.

దశ 6: కన్నాలు, ప్లగ్గులు

స్విచ్ బోర్డు నుంచి పైకి వైరు పైపు పోయే దారి, కింద కుళాయి పైపు ఎక్కే దారి చాక్‌పీసుతో గీసి, ఇటు అటు 150 మి.మీ. వదిలాం. వంటింటి ఎంసీబీ ఆపి, డ్రిల్లుకి హాలులోంచి కరెంటు తీసుకున్నాం.

మొదటి పరీక్ష రైలుతో వచ్చిన సామానుతోనే: 50 మి.మీ. నైలాన్ ప్లగ్గు, 60 మి.మీ. స్క్రూ. ప్లగ్గు గోడ పైభాగానికి సమంగా కూర్చుంది. రైలు ముక్క బిగించి చిన్న గడ్డపారతో పెరికితే ప్లగ్గు, దాని చుట్టూ గుండ్రంగా ప్లాస్టరింగ్ పెచ్చు రెండూ కలిసి ఊడొచ్చాయి. కారణం తెలిసిందే. ప్లాస్టరింగూ పుట్టీ కలిపి 18 మి.మీ., ఇటుకలో దిగింది 32 మాత్రమే. ప్లగ్గు ఉబ్బిన బలంలో మూడో వంతు ప్లాస్టరింగ్‌ని పగలగొట్టడానికే పోయింది.

మార్చిన పద్ధతి ఇది:

1. పది మి.మీ. బిట్టు, 80 మి.మీ. లోతు. లోతుకి బిట్టు మీద టేపు గుర్తు.
2. ప్లాస్టరింగ్ దాటేవరకు సుత్తి దెబ్బ మోడ్ లేకుండా. ఇటుక తగిలాక కూడా మెత్తగా ఉంటే అలాగే. దెబ్బ పెడితే బట్టీ ఇటుకలో పది మి.మీ. కన్నం పన్నెండు అవుతుంది, ప్లగ్గు గిర్రున తిరుగుతుంది.
3. సైకిల్ పంపు గొట్టంతో దుమ్ము ఊదాలి, బ్రష్ తిప్పి మళ్ళీ ఊదాలి.
4. ప్లగ్గుని మేకు తలతో కొట్టి 18 మి.మీ. లోపలికి, పూర్తిగా ఇటుకలోకి దించాలి.
5. వాషరుతో ఎనిమిది మి.మీ. హెక్స్ తల స్క్రూ. వెనక మందం 5 లోపు ఉన్నచోట 80 పొడవు, 5 ఆపైన 90.

దుమ్ము రంగు చూస్తూ ఉండాలి. మొదట తెల్లగా, బూడిద రంగుగా వస్తుంది, అది పుట్టీ, ప్లాస్టరింగ్. తర్వాత ఎర్రగా మారితే ఇటుక. బూడిద రంగు ఆగకుండా వస్తూ బిట్టు సులువుగా దిగిపోతుంటే ఇటుకల మధ్య మాలు సందు. 15 కన్నాల్లో 11 ఇటుకలో పడ్డాయి, 3 మాలులో, ఒకటి లోపల మాలు నిండని ఖాళీలో.

మాలులో పడ్డ మూడింటిలో రెండు బ్రాకెట్లకి దూరం, బిగిస్తే పట్టాయి, వదిలేశాం. మూడోదీ ఖాళీలో పడ్డదీ 900 బాక్సు బ్రాకెట్ల పక్కనున్నవి. ఆ రెండింటికీ ప్లగ్గు తీసేసి, ఖాళీలో పడ్డదానికి జల్లెడ గొట్టం పెట్టి, కెమికల్ యాంకర్ జిగురు నింపి మరచుట్టు కడ్డీ గుచ్చాం. గన్నులోంచి మొదట వచ్చే జిగురు రెండు రంగులుగా వస్తుంది, అది పారేయాలి. ఒకే రంగు అయ్యాకే కన్నంలోకి. ట్యూబు మీద రాసిన సమయం ఎంతైనా రాత్రంతా వదిలి, తెల్లారాకే నట్టు బిగించాం.

నాలుగున్నర అంగుళాల గోడకి ఇది పనికిరాదు. 80 మి.మీ. లోతుకి వెనక ఇటుక కొంచెమే మిగులుతుంది, దెబ్బ మోడ్ పెడితే అవతలి గది పెచ్చు రాలుతుంది. తేలికపాటి సిమెంటు బ్లాకులకి ప్లగ్గే వేరు.

ఇప్పటికి: కన్నాలు 15, ప్లగ్గు స్క్రూలు 13, జిగురు కడ్డీలు 2. స్క్రూకి సగటున 17 కిలోలు.

దశ 7: రైలు బిగింపు

పైన చెప్పిన 15 కన్నాలూ ఒకేసారి కొట్టలేదు. రైలులో కొన్ని కన్నాలు గుండ్రం, కొన్ని పొడవాటి గాళ్ళు. ముందు గాళ్ళలోని స్క్రూలు వదులుగా పెట్టి, రైలు పై అంచుని 865 గీతకి తెచ్చి, అవి బిగించి, ఆ తర్వాతే గుండ్రటి కన్నాలకి గోడలో గుర్తు పెట్టి తొలిచాం. అన్ని కన్నాలూ ముందే కొట్టేస్తే బిట్టు కాస్త జారిన చోటల్లా రైలు ఆ మేరకు ఎగుడుదిగుడు అవుతుంది. అతుకు దగ్గర రెండు ముక్కల మీదా బద్ద పెట్టి చూస్తే అర మి.మీ. తేడా కూడా చేతికి తగులుతుంది.

బిగించాక అంచు కొలత: 865, 865, 866, 865, 864. బ్రాకెట్‌కి అటూ ఇటూ 7 ఉంది కాబట్టి ఇది చాలు.

దశ 8: బాక్సులు ఎక్కించడం, మట్టం

తలుపులు, అరలు తీసేసి ఎక్కించాలి. ఇద్దరు మనుషులు, 900కి ముగ్గురు. మూల నుంచి మొదలు. కొక్కేలు రెండూ రైలు మీద పడ్డాయో లేదో చూడటానికి బాక్సుని చేతులు వదలకుండా కిందకి లాగి చూడాలి. ఒకటే పడితే ఒక పక్క ఊగుతుంది.

మొదట ఒక్కో బాక్సుకీ రసమట్టం పెట్టి సరిచేశాం. నాలుగో బాక్సు చివర అడుగు 224 చూపించింది, రావలసింది 227. ఒక్కో బాక్సూ విడిగా చూస్తే బుడగ మధ్యలోనే ఉంది. రసమట్టాన్ని తిప్పి అదే చోట పెడితే బుడగ కొంచెం పక్కకి జరిగింది. మీటరుకి సుమారు ఒక మి.మీ. తప్పు చూపే మట్టం అది. రెండున్నర మీటర్లలో అది దాదాపు మూడు మి.మీ. అయింది. ఒక బాక్సుని చూసి పక్కదాన్ని సరిచేస్తూ పోతే తప్పు కూడుతూనే పోతుంది.

అందుకని రసమట్టం పక్కన పెట్టి, 227 దగ్గర రెండు కొసల మధ్యా సన్నటి నైలాన్ దారం లాగాం. ప్రతి బాక్సు పక్క పలకల కిందే కొలిచాం. 900 బాక్సు మధ్యలో కొలవకూడదు. దాని అడుగు పలక తన బరువుకే మధ్యలో కొంచెం దిగి ఉంటుంది, ఆ అంకె చూసి బ్రాకెట్ తిప్పితే బాక్సు మొత్తం పైకి పోతుంది.

దారంతో వచ్చిన అంకెలు, పలక పలకకీ: 227, 228, 226, 227, 226, 225, 225, 224. ఎత్తు స్క్రూలు తిప్పాక ఎనిమిదీ 227.

ఆ తర్వాత వరస తప్పకూడదు:

1. లోతు స్క్రూలు ఇంకా వదులుగానే. అడుగున వెనక అంచుల దగ్గర 2, 3, 5, 0, 2 ముక్కలు జిగురుతో అతికించాలి.
2. పక్క పక్క బాక్సుల ముందు అంచులు వేలితో తడిమి సమం చేసి, పైనా కిందా జీ క్లాంపులు. మధ్యలో ప్లై ముక్క లేకపోతే లామినేట్ మీద గుర్తు పడుతుంది.
3. రెండు పక్క పలకల్లో కలిపి కన్నం కొట్టి కనెక్టింగ్ బోల్టులు. మూడు అతుకులకి నాలుగేసి చొప్పున 12.
4. ఇప్పుడు లోతు స్క్రూలు, మధ్య నుంచి కొసలకి, ఒక్కోటి కొంచెం కొంచెంగా.
5. ముందు అంచుకి తూకం గుండు. పైన దారానికీ పలకకీ ఎంత సందు ఉందో కిందా అంతే రావాలి.

లోతు స్క్రూలు ముందే బిగిస్తే బోల్టులు వేసేటప్పుడు ముందు అంచులు కలవవు. బలవంతంగా క్లాంపుతో కలిపితే బోల్టు మీద ఎప్పటికీ ఒత్తిడి ఉంటుంది. బోల్టులు వేశాక ఎత్తు స్క్రూ తిప్పడం కూడా అంతే, ఒక బాక్సుని ఎత్తితే పక్క బాక్సు కొక్కెం రైలు మీద నుంచి లేస్తుంది. ఎత్తు మార్చాల్సి వస్తే అతుకు బోల్టులు వదులు చేసి మార్చాలి.

మూడో అతుకు దగ్గర తూకం గుండు పైన 20, కింద 22 చూపింది, అంటే పైభాగం 2 మి.మీ. ముందుకి ఉంది. అక్కడి లోతు స్క్రూలు ఒక చుట్టు బిగించాక రెండూ 22.

ఇప్పటికి: బాక్సులు 4, బ్రాకెట్ స్క్రూలు 16 సర్దాం, కనెక్టింగ్ బోల్టులు 12.

దశ 9: బరువు పెట్టి చూడటం

తలుపులు బిగించకముందే 900 బాక్సులో మినరల్ వాటర్ డబ్బాలు మూడు పెట్టాం, అరవై కిలోలు. దారం ఇంకా తీయలేదు. రాత్రి దాటాక 900 బాక్సు ఎడమ పక్క 226, కుడి 227. కొక్కెం రైలు మీద సర్దుకున్నదే, స్క్రూ కదల్లేదని వాషరు మీద ముందే గీసిన మార్కర్ గీత చూసి తెలుసుకున్నాం. బరువు తీసి, ఎడమ పక్క అతుకు బోల్టులు వదులు చేసి, ఎత్తు స్క్రూ ఒక మి.మీ. పెంచి, బోల్టులు మళ్ళీ బిగించాం. మళ్ళీ బరువు పెడితే 227 దగ్గరే నిలిచింది.

వాషరు గీత తప్పి, దాని చుట్టూ ప్లాస్టరింగ్‌లో వెంట్రుకవాసి చీలిక కనిపిస్తే మాత్రం బ్రాకెట్ తిప్పి ఎత్తు సరిచేయకూడదు. అది ప్లగ్గు కదులుతున్న గుర్తు. బాక్సులు దించి, ఆ కన్నానికి జిగురు కడ్డీ వేయాలి.

తలుపులు ఎక్కించాక కూడా తలుపుల మధ్య సందులు కబ్జాల స్క్రూలతో మాత్రమే సర్దాం, బ్రాకెట్లు ముట్టుకోలేదు. మూలలో 50 మి.మీ. పూరక పట్టీని గోడ వంకరకి చిత్రిక పట్టి కూర్చోబెట్టాం. కిటికీ కొసలో పైన 3, కింద 2 మి.మీ. సందుకి రంగు కలిసే సిలికాన్.